డబ్బింగ్‌లో ఒక మాట, సబ్‌టైటిల్‌లో ఇంకో మాట: విదేశీ సిరీస్‌ల లోకలైజేషన్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

విదేశీ సిరీస్‌లు తెలుగులో చూసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలివి. అనువాదం ఏ దశలో ఏ మార్పుకు లోనవుతుందో ఆ వరసలోనే ప్రశ్నల్ని పెట్టాం. దేనికది విడిగా చదువుకోవచ్చు.

## చూడటం మొదలుపెట్టేటప్పుడు

తెలుగు ఆడియో, తెలుగు సబ్‌టైటిల్స్ రెండూ ఆన్ చేస్తే ఒకదానితో ఒకటి కలవడం లేదు. రెండూ తెలుగే కదా?

రెండూ తెలుగే గానీ, రెండూ ఒకరు రాసినవి కావు. చాలాసార్లు ఒక సంస్థ సబ్‌టైటిల్స్ చేస్తుంది, ఇంకో స్టూడియో డబ్బింగ్ చేస్తుంది. ఒకరి పని ఒకరు చూసుకునే వీలు కూడా ఉండదు.

ఇద్దరి ముందున్న కొలతలు కూడా వేరు. సబ్‌టైటిల్ రాసేవారికి స్థలం, సమయం తక్కువ. నెట్‌ఫ్లిక్స్ ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ నియమాల్నే తీసుకుంటే వరసకు 42 అక్షరాలు, రెండు వరసలు మించకూడదు, ఒక సబ్‌టైటిల్ 7 సెకన్లకు మించి తెరమీద ఉండకూడదు. మిగతా సంస్థల నియమాలూ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. పాత్ర గబగబా పది ముక్కలు మాట్లాడితే, చదవగలిగేది ఆరో ఏడో అని లెక్కేసి మిగతావి వదిలేస్తారు. డబ్బింగ్ రైటర్‌కి ఆ బాధ లేదు. పాత్ర నోరు ఎంతసేపు కదిలితే అంతసేపూ మాట ఉండాలి, నోరు ఆగితే మాటా ఆగాలి. అందుకే ఒకరు కుదించిన చోట ఇంకొకరు సాగదీస్తారు.

డబ్బింగ్ వింటూ సబ్‌టైటిల్స్ చదవడం వల్ల రెండూ తప్పుగానే అనిపిస్తాయి. సబ్‌టైటిల్స్ మూలభాష ఆడియోతో కలిపి చూడటానికి రాసినవి.

సబ్‌టైటిల్స్‌లో "English" అనీ, "English [CC]" అనీ రెండు కనబడుతున్నాయి. కొరియన్ ఆడియోతో ఏది పెట్టుకోవాలి?

కొరియన్ ఆడియోతో చూస్తుంటే "English" పెట్టుకోండి.

CC అన్నది వినికిడి ఇబ్బంది ఉన్నవారి కోసం. తలుపు చప్పుడు, సంగీతం లాంటివి కూడా అందులో రాస్తారు. కొరియన్, స్పానిష్ లాంటి సిరీస్‌లకు ఇంగ్లిష్ CC చాలావరకు ఇంగ్లిష్ డబ్బింగ్ మాటల్ని ఎక్కించి తయారుచేసింది. అంటే పెదాల కదలికకు సరిపోయేలా మార్చిన మాటల్ని మీరు కొరియన్ గొంతు కింద చదువుతున్నారన్నమాట. 2021లో 'స్క్విడ్ గేమ్' వచ్చినప్పుడు అనువాదం బాగాలేదని సోషల్ మీడియాలో పెద్ద గొడవే జరిగింది. అప్పుడు ఉదాహరణలుగా చూపించిన వాక్యాల్లో కొన్ని ఈ CC నుంచి తీసుకున్నవే. వాటికి మామూలు "English" సబ్‌టైటిల్స్ మూలానికి దగ్గరగానే ఉన్నాయి.

## స్క్రిప్టు చేతికొచ్చే దశ

కొరియన్ సిరీస్‌ని తెలుగులోకి కొరియన్ నుంచే తెస్తారా?

ఎక్కువసార్లు కాదు. మధ్యలో ఇంగ్లిష్ ఉంటుంది. ముందు ఇంగ్లిష్‌లో ఒక స్క్రిప్టు తయారవుతుంది. ఏ డైలాగ్ ఏ సెకనులో మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తులు పెట్టి, యాసలకీ సామెతలకీ పక్కన వివరణలు రాసి, దాన్నే అన్ని భాషలకూ పంపుతారు. కొరియన్, తెలుగు రెండూ బాగా వచ్చి, పైగా డైలాగ్ రాయగలిగినవాళ్లు ఎంతమంది దొరుకుతారు? టర్కిష్‌కీ తెలుగుకీ అయితే ఇంకా కష్టం.

చిక్కేమిటంటే, ఇంగ్లిష్‌లో లేని తేడా ఏదైనా ఆ మధ్య మెట్టు మీదే జారిపోతుంది. అటు కొరియన్‌లో ఉండి, ఇటు తెలుగులోనూ ఉన్న తేడా సైతం అక్కడే పోతుంది. కొరియన్‌లో అమ్మ చెల్లెలినీ అక్కనీ 'ఇమో' అంటారు, నాన్న చెల్లెలినీ అక్కనీ 'కోమో' అంటారు. మనకి పిన్ని, పెద్దమ్మ, మేనత్త ఉన్నారు. మధ్యలో ఇంగ్లిష్ 'ఆంట్' ఒక్కటే. ఆ కాగితం మాత్రమే చేతిలో ఉన్న రైటర్‌కి అది పిన్నో అత్తో తెలీదు. పక్కన వివరణ ఉంటే బతికిపోతారు. లేకపోతే 'ఆంటీ' అనేసి ముందుకెళ్తారు, లేదా ఊహించి రాస్తారు. ఆ ఊహ నాలుగో ఎపిసోడ్‌లో తప్పని తేలుతుంది.

ఇంగ్లిష్ మీదుగా వచ్చిందని గుర్తుపట్టడం తేలికే. చుట్టరికాలన్నీ 'బ్రదర్', 'అంకుల్' దగ్గరే ఆగిపోతాయి. కొరియన్ ముసలావిడ ప్రతి వాక్యాన్నీ 'నా ఉద్దేశం ఏంటంటే' అని మొదలుపెడుతుంది.

మూలంలో ఇద్దరూ దగ్గరయ్యే సీన్ బాగుందంటారు, మనకేమో అక్కడ ఏమీ జరిగినట్టే ఉండదు. ఎందుకని?

పిలుపు మారడమే ఆ సీన్‌లో జరిగే సంఘటన అయితే, అది అనువాదంలో కనబడకుండా పోయి ఉంటుంది. 'స్క్విడ్ గేమ్'లో అలీ అనే పాకిస్తానీ కార్మికుడు తోటి ఆటగాడు సంగ్‌వూని మొదట 'సాజాంగ్‌నిమ్' అని పిలుస్తాడు. యజమానిని పిలిచే పిలుపు అది. తర్వాత సంగ్‌వూ అలా వద్దు, 'హ్యంగ్' అని పిలువు అంటాడు. మగవాడు తనకంటే పెద్దవాడైన మగవాణ్ణి చనువుగా పిలిచే మాట. గోళీల ఆటలో అలీ మోసపోయే ఘట్టానికి బరువంతా ఆ పిలుపులోంచి వచ్చింది. యజమాని మోసం చేయడం వేరు, అన్న మోసం చేయడం వేరు.

ఇంగ్లిష్‌లో రోజూ వాడే మాట దీనికి లేదు. 'బ్రదర్' అంటే కృతకంగా ఉంటుంది, అందుకని ఇలాంటి చోట్ల మామూలుగా పేరుతోనే సరిపెడతారు. తెలుగులో 'సార్' నుంచి 'అన్నా'కి రావడం అంత సహజమైన మార్పు ఇంకోటి ఉండదు. కొరియన్ నుంచి నేరుగా చేసినా, ఇంగ్లిష్ స్క్రిప్టు పక్కన 'ఇక్కడ పిలుపు మారుతోంది' అని ఒక్క ముక్క రాసి ఉన్నా తెలుగులో ఆ సీన్ నిలబడుతుంది. మధ్య భాష వల్ల జరిగే నష్టాల్లో మాకు అన్నిటికంటే అనవసరమైనదిగా తోచేది ఇదే.

ఒక ఎపిసోడ్‌లో 'మీరు', తర్వాతి దాంట్లో 'నువ్వు'. వీళ్లకి నిలకడ లేదా?

ఇంగ్లిష్‌లో 'యూ' ఒక్కటే కాబట్టి, ఎవరు ఎవర్ని ఎలా పిలవాలో తెలుగువాళ్లే నిర్ణయించాలి. పద్ధతిగా చేసేచోట పని మొదలయ్యే ముందే ఒక పట్టిక తయారుచేస్తారు. నిలువు వరసలో మాట్లాడేవారు, అడ్డ వరసలో వినేవారు, గడిలో 'నువ్వు' లేదా 'మీరు'. ఎప్పుడు మారాలో ఆ ఎపిసోడ్ నంబరు కూడా రాస్తారు. పాత్రల పేర్లు, ఊతపదాలు, ఊళ్ల పేర్లు కూడా ఇలాగే ఒక పట్టికలో ఉంటాయి.

గడువు దగ్గరపడి ఎపిసోడ్లు నలుగురైదుగురికి పంచినప్పుడు ఆ పట్టిక అందరికీ చేరకపోతే మీరు చెప్పినట్టే అవుతుంది. నాలుగు ఎపిసోడ్లకొకసారి మర్యాద మారుతుంటే, నాలుగేసి ఎపిసోడ్లు ఒక్కొక్కరికి ఇచ్చారని అనుకోవచ్చు.

## పేర్ల దగ్గర

అసలు పాత్ర పేరే మార్చేయడం ఎందుకు? పేరుకి అనువాదమేంటి?

ఎక్కువగా పిల్లల సిరీస్‌లలో, ముఖ్యంగా 1990ల నాటి అమెరికన్ వెర్షన్లలో ఇది కనబడుతుంది. కథ ఎక్కడో పరాయి దేశంలో జరుగుతున్నట్టు పిల్లలకి అనిపించకూడదన్నది అప్పటి ఆలోచన. పోకెమాన్ జపనీస్‌లో హీరో పేరు సతోషి, ఇంగ్లిష్‌లో ఆష్. ఒక ఎపిసోడ్‌లో అన్నం ముద్దల్ని (ఒనిగిరి) చేతిలో పట్టుకుని జెల్లీ డోనట్స్ అంటారు. బొమ్మలో తెల్లటి అన్నం, నల్లటి ఆకు స్పష్టంగా కనబడుతూనే ఉంటాయి!

ఈ పద్ధతి అంతటితో ఆగలేదు. 2014లో డోరేమాన్ అమెరికాలో వచ్చినప్పుడు నొబిత 'నోబీ' అయ్యాడు, షిజుకా 'స్యూ', జియాన్ 'బిగ్ జీ'. యెన్ నోట్లు డాలర్లయ్యాయి, చాప్‌స్టిక్స్ ఉన్నచోట ఫోర్కులు గీశారు. మన దేశపు డబ్బింగ్‌లో నొబిత నొబితగానే ఉన్నాడు. ఇక్కడి పిల్లలకి ఆ పేరు ఏమీ అడ్డం రాలేదు.

అన్ని మార్పులూ ఇంత మొరటుగా ఉండవు. పోకెమాన్‌లో దొంగల జంట అసలు పేర్లు ముసాషి, కొజిరో. జపాన్ చరిత్రలో ద్వంద్వయుద్ధం చేసిన ఇద్దరు ప్రసిద్ధ ఖడ్గవీరుల పేర్లు అవి. జపనీస్ పిల్లలు వినగానే నవ్వుకుంటారు. ఇంగ్లిష్‌లో వాళ్లకి జెస్సీ, జేమ్స్ అని పెట్టారు. రెండూ కలిపితే జెస్సీ జేమ్స్, అమెరికాలో పేరుమోసిన బందిపోటు. పేరు పోయింది గానీ పేరులోని చమత్కారం మిగిలింది. మా దృష్టిలో మంచి లోకలైజేషన్ అంటే ఇది.

'సైలర్ మూన్' హీరోయిన్ పేరు ఉసాగి అంటారు, సెరీనా అంటారు. ఏది నిజం?

ఉసాగి అసలు పేరు. ఇంటిపేరు త్సుకినో. రెండూ కలిపితే 'చంద్రుడిలోని కుందేలు' అని వినిపిస్తుంది. 1990ల ఇంగ్లిష్ డబ్బింగ్‌లో సెరీనా అని పెట్టడంతో ఆ అర్థం పోయింది. చంద్రుణ్ణి శశాంకుడనే భాషలో ఈ పేరుకి పెద్దగా వివరణ కూడా అక్కర్లేదు. ఇంగ్లిష్ వెర్షన్ పేర్లే మధ్య స్క్రిప్టులో ఉంటే ఇలాంటి సులువైన అవకాశాలు మన దాకా రావు.

అదే సిరీస్‌లో ప్రేమికులైన హరుకా, మిచిరు అనే ఇద్దరమ్మాయిల్ని పాత ఇంగ్లిష్ డబ్బింగ్‌లో చుట్టాలుగా, కజిన్స్‌గా మార్చేశారు. కాబట్టి పేరు మారిందంటే బంధం కూడా మారిందేమో ఒకసారి చూసుకోవాలి.

ఒకే కొరియన్ పేరు వినబడేది ఒకలా, తెలుగు సబ్‌టైటిల్‌లో రాసేది ఇంకోలా. ఎందుకు?

సబ్‌టైటిల్ రాసినవారు రోమన్ అక్షరాల్ని చూసి తెలుగులోకి దించారు, డబ్బింగ్‌లో కొరియన్ గొంతు విని పలికారు. కొరియన్ పేర్లను రోమన్‌లో రాసే ప్రస్తుత పద్ధతిలో `eo` అంటే రెండు అచ్చులు కావు, ఒక్కటే. మన చెవికి 'అ'కీ 'ఒ'కీ మధ్యలో వినబడుతుంది. అందువల్ల 'స్క్విడ్ గేమ్' హీరో ఇంటిపేరు `Seong` తెరమీద 'సియోంగ్' అవుతుంది, చెవికి 'సంగ్'లానో 'సొంగ్'లానో వినిపిస్తుంది.

టర్కిష్‌లో `c` అక్షరాన్ని 'జ' అని పలుకుతారు. `Can` అనే హీరో 'జాన్' అన్నమాట, 'కాన్' కాదు. స్పానిష్ `Jorge` 'హోర్హె'. సబ్‌టైటిల్‌లో 'కాన్', 'జోర్జ్' అని కనబడితే రాసినవారు ఆడియో వినలేదని తేలిగ్గా చెప్పేయవచ్చు.

'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో హోడోర్ పేరు వెనక కథని మిగతా భాషలవాళ్లు ఎలా చెప్పగలిగారు?

ఇబ్బందిపడే చెప్పారు. అనువాదకుల్ని ఇంతగా ఇరికించిన పేరు అరుదు. సిరీస్ 2011లో మొదలైంది. హోడోర్ అనే మనిషి ఆ ఒక్క మాట తప్ప ఇంకేదీ మాట్లాడడు. 2016లో, ఆరో సీజన్ అయిదో ఎపిసోడ్‌లో కారణం బయటపడుతుంది. 'హోల్డ్ ద డోర్' అన్న కేకే అరిగి అరిగి 'హోడోర్' అయింది. ఆ అరగడం తెరమీద మన కళ్లముందే జరుగుతుంది. పాత్ర ఆ వాక్యాన్ని పదేపదే అంటూ, ఒక్కో శబ్దం జారవిడుస్తూ చివరికి పేరు దగ్గరికి వస్తాడు.

మొదటి సీజన్ అనువదించినవారికి అయిదేళ్ల తర్వాత ఇలా అవుతుందని తెలిసే మార్గం లేదు. పేరు అప్పటికే జనం నోట్లో నాటుకుపోయింది, ఇప్పుడు మార్చలేరు. కాబట్టి తమ భాషలో 'తలుపు ఆపు' అనే అర్థం వచ్చి, అరిగితే 'హోడోర్' అయ్యే వాక్యం వెతుక్కోవాలి.

తెలుగులో చేయాల్సి వస్తే? 'తలుపు పట్టుకో' ఎంత అరిగినా 'తల్పట్కో' దగ్గర ఆగుతుంది, హోడోర్ కాదు. ఒక దారి, 'హోల్డ్ ద డోర్' అని ఇంగ్లిష్‌లోనే ఉంచేయడం. 'డోర్' తెలుగు ప్రేక్షకుడికి కొత్త మాట కాదు, 'హోల్డ్' ఫోన్ల పుణ్యమా అని అందరికీ తెలుసు. దానికి ముందు డైలాగ్‌లో 'తలుపు తెరుచుకోనివ్వకు' అని ఒకసారి తెలుగులో అనిపిస్తే అర్థం ఖాయమవుతుంది, ఆ తర్వాత ఇంగ్లిష్ కేక పనిచేస్తుంది. రెండో దారి, కేకలన్నీ తెలుగులో పెట్టి చివరి రెండు మూడు మాత్రం 'డోర్... హో... డోర్' అని మలపడం. అది అతుకులా వినిపిస్తుంది. మాకైతే మొదటిదే నయం. ఇంగ్లిష్ మాటలు ఇంతగా కలిసిపోయిన భాషకు ఉన్న వెసులుబాటు అది, జపనీస్ శ్లేష విషయంలో అది దొరకదు.

## జోకుల దగ్గర

సబ్‌టైటిల్‌లో జోకు బాగా పేలింది, డబ్బింగ్‌లో చప్పగా ఉంది. డబ్బింగ్ రాసినవాళ్లకి జోకు అర్థం కాలేదా?

అర్థమయ్యే ఉంటుంది. పట్టి ఉండదు. స్పానిష్ పిల్లలందరికీ తెలిసిన ఒక చిన్న జోకుతో చూద్దాం. 'కే ఆసె ఉన్ పెస్?' అంటే 'చేప ఏం చేస్తుంది?' జవాబు: 'నాదా.' ఆ ఒక్క మాటకే 'ఈదుతుంది' అనీ 'ఏమీ చేయదు' అనీ రెండర్థాలు.

ఉన్నదున్నట్టు 'ఈదుతుంది' అని రాస్తే నిజమే గానీ నవ్వు లేదు. 'ఏమీ చేయదు' అన్నా అంతే. తెరమీద చేప కనబడుతోంది కాబట్టి చేపని వదిలేయలేం. కాబట్టి చేప, పనిలేకపోవడం రెండూ ఉన్న తెలుగు మాట కావాలి. మీనమేషాలు లెక్కపెట్టడం ఉండనే ఉంది.

'చేప ఖాళీగా ఉంటే ఏం చేస్తుంది?'
'మీనమేషాలు లెక్కపెడుతుంది.'

సబ్‌టైటిల్‌లో ఇది హాయిగా పడుతుంది. గుణింతపు గుర్తుల్నీ ఒత్తుల్నీ విడివిడిగా లెక్కేసినా జవాబు 24 అక్షరాలు. సెకనుకి 20 అక్షరాల చొప్పున చదివితే సెకనుంబావు చాలు. 'నాదా' అనడానికి అరసెకనే పట్టినా, తర్వాత డైలాగ్ లేకపోతే సబ్‌టైటిల్‌ని ఇంకాసేపు ఉంచవచ్చు.

డబ్బింగ్‌లో అలా కుదరదు. నటుడి నోరు రెండుసార్లు తెరుచుకుని మూతపడింది. 'మీనమేషాలు లెక్కపెడుతుంది' పదకొండు అక్షరాల పలుకుబడి, పైగా మొదట్లోనే రెండుసార్లు 'మ' ఉంది, పెదాలు కలవాలి. ముఖం దగ్గరగా చూపిస్తున్న షాట్ అయితే ఇది అసాధ్యం. రైటర్ 'ఈతే' అని రాసి, ఆర్టిస్టు గొంతులోని వెటకారం మీద భారం వేస్తారు. అదే షాట్‌లో కెమెరా ప్రశ్న అడిగినవాడి ముఖం మీద ఉంటే, లేదా జవాబు చెప్పేవాడు అటు తిరిగి ఉంటే, పూర్తి జవాబు పెట్టుకోవచ్చు. అంటే డబ్బింగ్‌లో జోకు బతకడం, పోవడం ఒక్కోసారి కెమెరా ఎటు తిరిగిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

జోకేమీ లేని చోట వెనకాల నవ్వులు వినిపిస్తాయి. పొరపాటున పడ్డాయా?

లేదు. అక్కడ మూలంలో జోకు ఉంది, తెలుగులోకి రాలేదు.

డబ్బింగ్ స్టూడియోకి మాటలు తీసేసిన ట్రాక్ ఒకటి వస్తుంది. సంగీతం, అడుగుల చప్పుడు, తలుపుల మోత లాంటివి అందులో ఉంటాయి. దాన్ని మ్యూజిక్ అండ్ ఎఫెక్ట్స్, పొట్టిగా ఎం అండ్ ఈ ట్రాక్ అంటారు. సిట్‌కామ్‌లో ప్రేక్షకుల నవ్వు కూడా చాలాసార్లు అందులోనే కలిసి వస్తుంది, విడదీయడం కుదరదు. కాబట్టి నవ్వు మొదలయ్యేలోపు తెలుగులో ఏదో ఒక నవ్వొచ్చే మాట పడాలి. శ్లేష అనువాదం కాకపోతే అర్థంతో పనిలేకుండా అక్కడ వేరే జోకు పెట్టడానికి ఇదే కారణం. సబ్‌టైటిల్ రాసేవారికి ఇంత ఒత్తిడి లేదు, ఇంగ్లిష్ వింటున్నవాళ్లు ఆ నవ్వుకి కారణం గొంతులోంచైనా పట్టుకుంటారని వదిలేస్తారు.

పంచ్ పడకముందే సబ్‌టైటిల్ చెప్పేస్తోంది. దీనికి మందు లేదా?

ఉంది, రాసేవారికి తీరిక ఉంటే. ఇంగ్లిష్‌లో ఆశ్చర్యపరిచే మాటని వాక్యం చివర ఉంచుతారు. తెలుగులో చివర క్రియ వచ్చి కూర్చుంటుంది. 'ఐయామ్ మ్యారీయింగ్... యువర్ బాస్' అన్నదాన్ని 'నేను మీ బాస్‌ని పెళ్లి చేసుకుంటున్నాను' అని ఒకే సబ్‌టైటిల్‌గా వేస్తే, నటి ఇంకా నోరు తెరుస్తుండగానే గుట్టు రట్టవుతుంది.

వాక్యాన్ని తిప్పి రాయాలి: 'నేను పెళ్లి చేసుకునేది...' తర్వాత విరామం దగ్గర రెండో సబ్‌టైటిల్‌గా 'మీ బాస్‌ని.' తెలుగులో మనం మాట్లాడేటప్పుడు ఊరించడానికి వాడే పద్ధతే ఇది. కాకపోతే ఇంగ్లిష్ స్క్రిప్టులో ఆ రెండు ముక్కలకీ ఒకే సమయం గుర్తుపెట్టి ఉంటే, విడగొట్టడానికి అనువాదకుడికి అనుమతి ఉండకపోవచ్చు.

అక్కడి టీవీ నటుల మీద వేసే జోకుల్ని ఏం చేస్తారు?

మూడు పనుల్లో ఒకటి. మనకీ తెలిసిన పేరైతే అలాగే ఉంచుతారు. తెలియకపోతే పేరు తీసేసి పని చెప్తారు, 'ఆ వార్తలు చదివేవాడిలా ఉన్నావు' అన్నట్టు. మూడోది, ఇక్కడి హీరో పేరు పెట్టడం. కామెడీ కార్టూన్లలో ఇది సరదాగానే ఉంటుంది. సియోల్ పోలీస్ స్టేషన్‌లో కూర్చున్న పాత్ర తెలుగు హీరో డైలాగ్ కొడితే మాత్రం నమ్మకం తెగిపోతుంది. చూసేవాడు ఒక్కసారి నవ్వుతాడు, తర్వాత పది నిమిషాలు కథలోకి వెళ్లలేడు.

## రికార్డింగ్ గదిలో

సబ్‌టైటిల్‌లో 'రక్షించండి' అనుంది, డబ్బింగ్‌లో 'కాపాడు' అన్నారు. అర్థం ఒకటే అయినప్పుడు మార్చడం దేనికి?

పెదాల కోసం. ప, ఫ, బ, భ, మ పలకాలంటే పెదాలు కలవాల్సిందే. ఇంగ్లిష్‌లో 'హెల్ప్ మీ' అన్నప్పుడు నడిమధ్యలో ఒకసారి పెదాలు మూసుకుంటాయి. 'కాపాడు'లోనూ మధ్యలో 'పా' దగ్గర మూసుకుంటాయి. 'రక్షించండి'లో ఎక్కడా మూసుకోవు. దగ్గరి షాట్‌లో ఈ తేడా కంటికి తెలుస్తుంది. దూరపు షాట్‌లో ఎవరికీ తెలియదు, అక్కడ రైటర్‌కి స్వేచ్ఛ ఎక్కువ.

ఇంకో చిక్కు, తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. 'కమ్' అని పెదాలు బిగించిన ముఖం మీద 'రా' అని నోరు తెరిచిన శబ్దం పడుతుంది. 'రమ్మంటున్నా', 'ముందు రా' అంటూ ఎక్కడో ఒకచోట 'మ' దూర్చడం రైటర్లకి అలవాటు. అనవసరంగా వినిపించే 'మరి', 'పద' లాంటివి చాలాసార్లు అలా వచ్చినవే.

'స్క్విడ్ గేమ్'లోని 'రెడ్ లైట్, గ్రీన్ లైట్' ఆటలో బొమ్మ కొరియన్‌లో అనేది వేరే ఏదో కదా?

అవును. 'ముగుంగ్‌హ్వా క్కొచి పియొస్సుమ్నిదా', అంటే ముగుంగ్‌హ్వా పువ్వు పూసింది అని. అది కొరియా జాతీయ పుష్పం, మన మందార జాతిది. కొరియన్‌లో రాస్తే సరిగ్గా పది అక్షరాలు. పిల్లలు అంకెలు లెక్కపెట్టే బదులు ఈ పది అక్షరాలు అంటారు, అంటున్నంతసేపూ మిగతావాళ్లు కదలవచ్చు.

ఇంగ్లిష్‌లో అదే ఆటకున్న పేరు పెట్టేశారు. ఆట అర్థమైంది గానీ లయ మారింది. ఒక్కో అక్షరం వేగం పెంచుతూ బొమ్మ భయపెట్టడం కొరియన్‌లో ఉన్నంతగా రెండు ముక్కల ఇంగ్లిష్ కేకలో రాదు. తెలుగులో చేసేవారు ఇంగ్లిష్ పేరుని పట్టుకోకుండా పది అక్షరాల పిల్లల పాట ఏదైనా కట్టుకుంటే మూలానికి దగ్గరవుతారు. బొమ్మకి కదిలే పెదాలు ఎలాగూ లేవు!

డబ్బింగ్‌లో బూతులు మెత్తబడతాయి, సబ్‌టైటిల్‌లో ఇంకా మెత్తబడతాయి. సెన్సారా?

కొన్నిసార్లు చానల్ నియమం, కొన్నిసార్లు వయసు రేటింగ్. ఏదీ లేకపోయినా రాసిన తిట్టు అన్న తిట్టుకంటే ఘాటుగా తగులుతుందని సబ్‌టైటిల్ రాసేవారు ఒక మెట్టు దిగుతారు. జోకు నడిచేదే ఆ తిట్టు మీదైతే దాంతోపాటే పోతుంది.

## విడుదలయ్యాక

ఒకసారి విడుదలైన అనువాదాన్ని మళ్లీ మారుస్తారా? తప్పు కనబడితే ఏం చేయాలి?

సబ్‌టైటిల్ అంటే సమయాలు, మాటలు ఉన్న చిన్న ఫైలు. ఒక పేరు తప్పైతే సరిచేసి ఫైలు మార్చేస్తే చాలు, చూసేవారికి తెలియకుండానే మారిపోతుంది. డబ్బింగ్‌లో అదే పేరు సరిచేయాలంటే ఆ ఆర్టిస్టుని మళ్లీ పిలవాలి, గొంతు నాటి రికార్డింగ్‌తో కలవాలి, ఆ భాగం మిక్సింగ్ మళ్లీ చేయాలి. అందుకే సబ్‌టైటిల్ సరైపోయి, డబ్బింగ్‌లో పాత తప్పు అలాగే ఉండిపోవడం, రెండింటి మధ్య తేడా ఇంకా పెరగడం జరుగుతుంటుంది.

తప్పు చెప్పాలంటే యాప్‌లో `Report a problem` లాంటి మీట ఉంటుంది. 'అనువాదం బాలేదు' అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. సీజన్, ఎపిసోడ్, నిమిషం, సెకను రాయండి. అది ఆడియోనా, సబ్‌టైటిలా, ఏ భాషదో చెప్పండి. కనబడిన మాట, ఉండాల్సిన మాట పక్కపక్కనే పెట్టండి: 'రెండో ఎపిసోడ్, 14:32, తెలుగు సబ్‌టైటిల్, ఆంటీ అని ఉంది, కొరియన్‌లో కోమో అన్నారు, మేనత్త అని ఉండాలి.' ఇలా వస్తే సరిచూసేవారికి కొరియన్ రాకపోయినా, వచ్చినవారి దగ్గరికి ఆ ఒక్క వాక్యం పంపితే సరిపోతుంది.